ఒకే లెక్క, రెండు బొమ్మలు: లింగ నిష్పత్తి చార్టులో అక్షం ఎక్కడ మొదలవ్వాలి?

2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి వెయ్యి మంది పురుషులకు 993 మంది స్త్రీలున్నారు. పక్కనున్న మహారాష్ట్రలో 929 మంది. తేడా 64, అంటే ఏడు శాతం లోపే. ఈ తేడాను మూడు రెట్లకు పైగా ఉన్నట్టు చూపించే చార్టు గీయవచ్చు. దాదాపు ఏమీ లేనట్టు చూపించే చార్టూ గీయవచ్చు. రెండింట్లోనూ ఒక్క అంకె కూడా తప్పుండదు. కాబట్టి చార్టును పరిశీలించేటప్పుడు అంకెలు సరిచూసి వదిలేస్తే పని సగమే అయినట్టు.

పోలికకు ఎనిమిది అంకెలు తీసుకుందాం: అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, దాని సరిహద్దులోని ఐదు రాష్ట్రాలు, కేరళ, దేశ సగటు. అన్నీ తుది లెక్కలే.

| ప్రాంతం | వెయ్యి మంది పురుషులకు స్త్రీలు |
|---|---|
| కేరళ | 1084 |
| తమిళనాడు | 996 |
| ఆంధ్రప్రదేశ్ (ఉమ్మడి) | 993 |
| ఛత్తీస్‌గఢ్ | 991 |
| ఒడిశా | 979 |
| కర్ణాటక | 973 |
| భారతదేశం | 943 |
| మహారాష్ట్ర | 929 |

వీటితో రెండు చార్టులు గీశామనుకుందాం. మొదటిది చాలా నివేదికల్లో కనిపించే రకం. నిలువు పట్టీలు, త్రీడీ ఆకారం, ఒక్కో రాష్ట్రానికి ఒక్కో రంగు, ఏ రంగు ఎవరిదో చెప్పే పెట్టె కుడివైపు. నిలువు అక్షం 900 దగ్గర మొదలై 1100 దగ్గర ముగుస్తుంది. ప్రతి 20కి ఒక అడ్డగీత. రాష్ట్రాలు అక్షర క్రమంలో ఉంటాయి, పేర్లు పట్టీల కింద ఏటవాలుగా ఉంటాయి. రెండోది చుక్కల చార్టు. ఒక్కో వరుసలో ఒక్కో రాష్ట్రం, పేరు ఎడమవైపు అడ్డంగా. అంకె ఎంతో చెప్పే చోట ఒక చుక్క, పక్కనే అంకె. ఎక్కువ నుంచి తక్కువకు వరుస. అడ్డ అక్షం ఇక్కడ కూడా 900 నుంచి 1100 వరకే. నడిమధ్యన 1000 దగ్గర ఒక నిలువు గీత.

రెండు చార్టుల్లోనూ అక్షం హద్దులు ఒకటే. అయినా మొదటిది అబద్ధం చెబుతుంది, రెండోది చెప్పదు. ఆ తేడా ఎక్కడ పుడుతుందో తెలిస్తే మిగతా సంగతులు సులువుగా తెలుస్తాయి.

పట్టీ పొడవుతో మాట్లాడుతుంది

మొదటి చార్టు గీసిన చోటు ఎత్తు 12 సెంటీమీటర్లు అనుకుందాం. 900 నుంచి 1100 వరకు 200 యూనిట్లు, కాబట్టి ప్రతి పది యూనిట్లకూ 6 మిల్లీమీటర్లు. మహారాష్ట్ర పట్టీ 900 మీద మిగిలిన 29 యూనిట్లకే నిలబడుతుంది, అంటే 1.74 సెంటీమీటర్లు. ఆంధ్రప్రదేశ్ పట్టీ 5.58, కేరళ పట్టీ 11.04 సెంటీమీటర్లు. పట్టీలను చూసే కన్ను పొడవులను పోలుస్తుంది. మహారాష్ట్ర కంటే కేరళ ఆరు రెట్లకు పైగా, ఆంధ్రప్రదేశ్ మూడు రెట్లకు పైగా అని అది తేల్చేస్తుంది. అసలు లెక్కలో 929 మీద 1084 ఎక్కువైంది దాదాపు 17 శాతమే.

అక్షం మీద 900 అని స్పష్టంగా రాశాం కదా అని చార్టు గీసినవారు సమర్థించుకోవచ్చు. రాసిన మాట నిజమే. కానీ పట్టీ ఇచ్చే భావం మొదట అందుతుంది, అక్షం మీది అంకె తర్వాత అందుతుంది, కొందరికి అసలే అందదు. పట్టీ అంటేనే దాని అడుగు నుంచి పైదాకా ఉన్న పొడవు ఆ విలువతో సమానం అన్న ఒప్పందం. అడుగు కోసేస్తే ఆ ఒప్పందం చెదిరిపోతుంది.

పదో తరగతి గ్రాఫు కాగితం మీద స్కేలు రాయడం, అక్షం సున్నా నుంచి మొదలుకాకపోతే మూల దగ్గర వంకర గీత పెట్టడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ వంకర గీత బిందువులను కలిపే గీతల గ్రాఫుకు సరిపోతుంది. పట్టీల చార్టులో అది కోతను ఒప్పుకుంటుందే తప్ప పట్టీల పొడవులను సరిచేయదు.

ఈ కోత ప్రతిసారీ ఎవరో కావాలని పెట్టేది కాదు. ఎక్సెల్‌లో అక్షాన్ని దాని ఇష్టానికి వదిలేస్తే, అత్యధిక విలువకూ అత్యల్ప విలువకూ తేడా అత్యధిక విలువలో ఆరో వంతుకు లోపు ఉన్నప్పుడు అది సున్నా దగ్గర కాకుండా పైనెక్కడో మొదలుపెడుతుంది. మన అంకెల్లో తేడా 155. 1084లో ఆరో వంతు 180కి పైనే. కాబట్టి ఎవరూ ఏమీ ముట్టుకోకపోయినా కోసిన అక్షమే వస్తుంది. మరో ఏడాది లెక్కలతో అదే చార్టు గీస్తే తేడా ఆ గీత దాటవచ్చు, అప్పుడు అక్షం సున్నా నుంచి మొదలవుతుంది. రెండు ఏళ్ల చార్టులు పక్కపక్కన పెడితే రాష్ట్రాల మధ్య అంతరం ఒక్కసారిగా కుంచించుకుపోయినట్టు కనిపిస్తుంది. పట్టీలు గీసినప్పుడు అక్షం మీద కుడి క్లిక్ చేసి `Format Axis` లో `Bounds` కింద `Minimum` దగ్గర చేత్తో 0 కొట్టడం మేలు. అక్కడ ముందే 0 కనబడినా మళ్లీ కొట్టాలి, ఎందుకంటే అది యంత్రం ఎంచుకున్న సున్నా అయితే లెక్కలు మారగానే మారిపోతుంది.

సున్నా నుంచి గీస్తే సరిపోతుందా?

సరిపోదు. ఈ లెక్క ఎంచుకోవడానికి కారణం అదే.

అదే 12 సెంటీమీటర్ల ఎత్తులో 0 నుంచి 1200 వరకు అక్షం పెడితే వంద యూనిట్లకు ఒక సెంటీమీటరు వస్తుంది. కేరళ 10.84, తమిళనాడు 9.96, ఆంధ్రప్రదేశ్ 9.93, మహారాష్ట్ర 9.29 సెంటీమీటర్లు. పొడవుల నిష్పత్తి ఇప్పుడు అక్షరాలా నిజం. కానీ ఆంధ్రప్రదేశ్‌కూ ఒడిశాకూ మధ్య ఉన్న 14 యూనిట్ల తేడా ఒకటిన్నర మిల్లీమీటరు కూడా లేదు. ఎనిమిది పట్టీలూ ఒకే ఎత్తున్న ప్రహరీలా కనిపిస్తాయి. జనాభా శాస్త్రంలో దేశ సగటు 943 అనేది చిన్న సంగతి కాదు, వెయ్యికి 57 మంది తక్కువ. ఆ వెలితిని ఈ చార్టు మింగేస్తుంది.

పైగా లింగ నిష్పత్తికి సున్నా అంటే అర్థమేమిటి? ఒక్క స్త్రీ కూడా లేని రాష్ట్రం. అలాంటిది లేదు, ఉండదు. టన్నుల్లో కొలిచే ధాన్యానికీ రూపాయల్లో కొలిచే బడ్జెట్‌కూ సున్నా ఒక నిజమైన స్థానం. లింగ నిష్పత్తికి, శరీర ఉష్ణోగ్రతకు, సముద్ర మట్టానికి పోలిక పెట్టాల్సిన స్థానం వేరే ఉంటుంది. 2015 డిసెంబరులో అమెరికా పత్రిక నేషనల్ రివ్యూ భూగోళ సగటు ఉష్ణోగ్రతను మైనస్ 10 నుంచి 110 ఫారెన్‌హీట్ డిగ్రీల అక్షం మీద గీసి పంచుకుంది. శతాబ్దంపైగా జరిగిన వేడెక్కుదల అందులో నేలకు సమాంతరంగా గీసిన గీతలా కనిపించింది. అక్షం కోయడం తేడాను పెంచినట్టే, అక్షం అతిగా సాగదీయడం తేడాను దాచేస్తుంది.

ఇక్కడే చుక్క అక్కరకొస్తుంది. చుక్కకు పొడవు లేదు. అది తానున్న స్థానంతో మాత్రమే విలువ చెబుతుంది, కాబట్టి అక్షం ఎక్కడ మొదలైనా దాని మాట చెడదు. 1984లో విలియం క్లీవ్‌లాండ్, రాబర్ట్ మెక్‌గిల్ అనే ఇద్దరు అమెరికా గణాంక శాస్త్రవేత్తలు ప్రచురించిన ప్రయోగాల్లో, ఒకే స్కేలు మీద ఉన్న స్థానాలను పోల్చడంలో మనుషులు అన్నిటికన్నా తక్కువ పొరపాట్లు చేస్తారని తేలింది. పొడవులు, కోణాలు, వైశాల్యాలు ఆ తర్వాతవే. చుక్కల చార్టులో 900–1100 అక్షం పెట్టినా మహారాష్ట్ర చుక్క కేరళ చుక్కలో ఆరో వంతు అని ఎవరికీ తోచదు. ఒకటి గీతకు ఈవల దూరంగా, ఇంకొకటి ఆవల దూరంగా ఉందని తోస్తుంది. ఆ తోచడం నిజమే.

చుక్కల చార్టు గీసేవారు తరచూ పడే గొయ్యి ఒకటుంది. చుక్క ఒంటరిగా ఉందనిపించి అక్షం నుంచి చుక్కదాకా ఒక సన్నని పుల్ల గీస్తారు. 900 దగ్గర మొదలైన ఆ పుల్లకు మళ్లీ పొడవు వచ్చేసింది. కోసిన పట్టీ సన్నబడి తిరిగొచ్చిందన్నమాట. వరుస తప్పకుండా చూపు నడిపే గీత కావాలంటే, లేత బూడిదరంగు చుక్కల గీతను ఎడమ అంచు నుంచి కుడి అంచుదాకా పూర్తిగా గీయాలి. అప్పుడు అన్ని వరుసల్లోనూ గీత పొడవు ఒకటే కాబట్టి అది ఏ విలువా చెప్పదు.

చెత్త ఏది, అవసరం ఏది

మొదటి చార్టులో తీసేసినా ఏమీ పోనివి చాలా ఉన్నాయి. ఎనిమిది రంగులు ఏ కొత్త సమాచారమూ చెప్పవు, రాష్ట్రం పేరు పట్టీ కిందే ఉంది. కానీ రంగుల పెట్టె ఉన్నందున చదివేవారి చూపు పట్టీ నుంచి పెట్టెకు, పెట్టె నుంచి పట్టీకి ఎనిమిదిసార్లు తిరగాల్సి వస్తుంది. ఆ కాగితం నలుపు తెలుపు ప్రింటరులో బయటికొస్తే ఎనిమిది రంగులూ రెండు మూడు బూడిద రంగులుగా కలిసిపోయి పెట్టె ఉండీ లేనట్టే అవుతుంది. రంగుకు పని ఇవ్వాలంటే ఒకే ఒక్క చోట ఇవ్వాలి: వ్యాసం ఆంధ్రప్రదేశ్ గురించి అయితే ఆ చుక్క ముదురు రంగు, దేశ సగటుది బోలు చుక్క, మిగతావన్నీ బూడిద రంగు.

త్రీడీ ఇంకాస్త హాని చేస్తుంది. ఎక్సెల్ త్రీడీ నిలువు పట్టీల్లో పట్టీలు వెనక గోడకు కొంచెం ముందు నిలబడతాయి. అడ్డగీతలు మాత్రం గోడ మీద ఉంటాయి. పట్టీ తలను గోడ మీది గీతతో సరిచూస్తే అసలు విలువ కంటే తక్కువ చదువుతాం. పట్టీ తలలో ముందంచు కొలవాలా, వెనకంచు కొలవాలా అన్న సందేహం అదనం. అక్షం కోత తేడాలను పెంచితే, త్రీడీ విలువలనే కిందకు లాగుతుంది. ఒకే చార్టులో రెండు తప్పులూ కలిస్తే చదివేవారు దేన్ని సరిదిద్దుకుంటారు?

అక్షర క్రమం పట్టికకు మంచిది, చార్టుకు కాదు. ఆంధ్రప్రదేశ్, ఒడిశా, కర్ణాటక, కేరళ, ఛత్తీస్‌గఢ్ అని పెడితే ఎత్తులు ఎగుడుదిగుడుగా ఉండి ఎవరి స్థానం ఎంతో మనసులో మళ్లీ పేర్చుకోవాలి. ఎక్కువ నుంచి తక్కువకు పేర్చగానే తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ మూడూ ఒక గుంపుగా, కేరళ విడిగా, మహారాష్ట్ర దేశ సగటు కంటే కిందగా కనబడతాయి. ఈ చార్టులో చెప్పుకోదగ్గ సంగతులు దాదాపు ఇవే.

పేర్ల సంగతి తెలుగులో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. నిలువు పట్టీల కింద చోటు చాలక సాఫ్ట్‌వేర్ పేర్లను వంచేస్తుంది. ఇంగ్లిష్ అక్షరాలు ఒకే వరుసలో నడుస్తాయి కాబట్టి వంచినా కొంత తట్టుకుంటాయి. తెలుగులో పైన గుణింతం, కింద ఒత్తు, దాని కింద మరో ఒత్తు. 'మహారాష్ట్ర'లోని 'ష్ట్ర'ను చిన్న సైజులో 45 డిగ్రీలు వంచితే అది ఒక మరకే. అందుకే తెలుగు పేర్లున్న చార్టులో వరుసలు అడ్డంగా ఉండాలి, పేర్లు ఎడమవైపు నేరుగా ఉండాలి, ఒత్తులు కింది వరుసకు తగలకుండా వరుసల మధ్య కొంచెం ఎక్కువ ఎడం ఉండాలి.

చెత్త తీసే ఉత్సాహంలో తీయకూడనిది తీసేయడం కూడా జరుగుతుంది. ఈమధ్య బాగా కనబడే పద్ధతి ఇది: పట్టీల మీద అంకెలు రాసేస్తారు, ఇక అక్షం దేనికని పూర్తిగా చెరిపేస్తారు. బొమ్మ చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది. కానీ పట్టీలు 900 నుంచి మొదలయ్యాయన్న ఒకే ఒక్క ఆధారం ఆ అక్షమే. చిందరవందరగా ఉన్న మొదటి చార్టు కనీసం తన కోతను ఒప్పుకుంటుంది, శుభ్రం చేసిన ఈ చార్టు ఒప్పుకోదు. ఇలాంటి చార్టు ఎదురైతే అనుమానం తీర్చుకునే మార్గం సులువు. రెండు పట్టీల పొడవులు స్కేలుతోనో తెర మీదనో కొలిచి, ఒకదాన్ని ఇంకొకదానితో భాగించాలి. వాటి మీద రాసిన అంకెలనూ అలాగే భాగించాలి. రెండు భాగఫలాలూ దాదాపు ఒకటైతే పట్టీలు సున్నా నుంచి మొదలైనట్టు. మన మొదటి చార్టులో కేరళ, మహారాష్ట్ర పొడవుల భాగఫలం 6.3, అంకెలది 1.17. కోత ఎంత పెద్దదో ఆ అంతరమే చెబుతుంది.

చుక్కల చార్టుకు వచ్చేసరికి, అక్షం సున్నా నుంచి మొదలుకాదు కాబట్టి అంకెలు అక్షం మీద ఉండి తీరాలి. అయితే ప్రతి 20కి గీత అక్కర్లేదు. 900, 950, 1000, 1050, 1100 చాలు. చుక్క పక్కన విలువ రాసినప్పుడు మధ్య గీతలు కూడా అవసరం లేదు, 1000 గీత ఒక్కటే మిగలాలి.

ఎంత చిన్న తేడాను చూపించాలి?

తేడాలను ఎంత సాగదీస్తే అంత బాగా కనిపిస్తాయి కదా, 900–1100 కూడా ఎందుకు, తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్‌లను విడదీసి చూపేలా 985 నుంచి 1000 వరకే ఎందుకు పెట్టకూడదు అనిపించవచ్చు. ఆ మూడింటి కోసం అలా గీయవచ్చు, కానీ గీయకూడదు. కారణం లెక్కల్లోనే ఉంది.

2011లో మొదట వెలువడినవి తాత్కాలిక లెక్కలు. వాటిలో దేశ నిష్పత్తి 940, తుది లెక్కల్లో 943 అయింది. కర్ణాటకది 968 నుంచి 973కు మారింది. అంటే ఒకే జనాభా లెక్కల్లో ఒకే రాష్ట్రపు అంకె ఐదు యూనిట్లు జరిగింది. తమిళనాడుకూ ఆంధ్రప్రదేశ్‌కూ మధ్య ఉన్నది మూడే. పైగా లెక్కింపు ముగిశాక జరిపే తనిఖీ సర్వే ప్రకారం 2011లో వెయ్యికి 23 మంది చొప్పున లెక్కలోకి రాకుండా పోయారు. వారిలో స్త్రీలు, పురుషులు ఒకే పాళ్లలో ఉంటే నిష్పత్తి మారదు, కానీ అన్ని రాష్ట్రాల్లోనూ అలాగే ఉంటారని అనుకోలేం.

మన రెండో చార్టు వెడల్పు 12 సెంటీమీటర్లయితే మూడు యూనిట్లు 1.8 మిల్లీమీటర్లు. చుక్క వ్యాసం మూడు మిల్లీమీటర్లు పెడితే రెండు చుక్కలూ దాదాపు ఒకదాని కింద ఒకటి ఉన్నట్టే కనబడతాయి. 'ఈ రెండూ ఇంచుమించు సమానం' అన్నదే నిజమైన సమాచారం, చుక్క సైజు ఆ మాటే చెబుతోంది. 20, 30 యూనిట్ల తేడాలు మాత్రం సెంటీమీటరు పైన ఉండి స్పష్టంగా కనిపిస్తాయి. అదే అక్షాన్ని 985–1000కు కుదిస్తే మూడు యూనిట్లు 2.4 సెంటీమీటర్లు అవుతాయి, తాత్కాలిక లెక్కకూ తుది లెక్కకూ మధ్య వచ్చే సవరణంత తేడా పెద్ద వార్తలా కనబడుతుంది.

ఈ కారణానికే శీర్షిక కింద 'తుది లెక్కలు' అన్న రెండు మాటలు రాయడం అవసరం. ఒక రాష్ట్రానికి తాత్కాలిక అంకె, మరో రాష్ట్రానికి తుది అంకె కలిపి గీసిన చార్టులు ఇంటర్నెట్‌లో కొల్లలు. దేశ సగటు దగ్గర 940 కనబడిందంటే ఆ చార్టులో మిగతావి కూడా ఎక్కడివో సరిచూసుకోవాలి.

చేత్తో గీయడం

ఎక్సెల్‌లో అడ్డ చుక్కల చార్టు నేరుగా దొరకదు, కానీ `Scatter` తో పది నిమిషాల పని. ఒక వరుసలో రాష్ట్రం పేరు, రెండోదానిలో విలువ, మూడోదానిలో వరుస సంఖ్య. అన్నిటికన్నా ఎక్కువ ఉన్న కేరళకు 8, మహారాష్ట్రకు 1, ఎందుకంటే నిలువు అక్షంలో పెద్ద సంఖ్య పైకి వెళ్తుంది. అడ్డ అక్షానికి విలువ, నిలువు అక్షానికి వరుస సంఖ్య ఇచ్చి, అడ్డ అక్షం హద్దులు 900, 1100 అని చేత్తో కొట్టాలి. విలువల లేబుళ్లు చుక్కకు కుడివైపు పెట్టేటప్పుడు `X Value` ఎంచుకోవాలి. లేకపోతే 8, 7, 6 అని వరుస సంఖ్యలు పడి గందరగోళమవుతుంది.

పేర్ల కోసం రెండో శ్రేణి కలపాలి: అన్నిటికీ అడ్డ విలువ 900, అవే వరుస సంఖ్యలు, చుక్క కనబడకుండా. దానికి లేబుళ్లు ఎడమవైపు పెట్టి `Value From Cells` ద్వారా పేర్ల వరుసను ఇవ్వాలి. ఈ సౌకర్యం ఎక్సెల్ 2013 నుంచి ఉంది. గీసిన చోటును ఎడమవైపు కాస్త లోపలికి జరిపితేనే పొడవు పేర్లు తెగిపోకుండా పడతాయి. 1000 గీతకు మూడో శ్రేణి: (1000, 0.5), (1000, 8.5) అనే రెండు బిందువులు, వాటిని కలిపే సన్నని గీత. నిలువు అక్షం హద్దులూ 0.5, 8.5 పెట్టి దాన్ని దాచేయవచ్చు. ఆ అక్షం వరుస సంఖ్యలే తప్ప విలువలు చెప్పదు కాబట్టి ఇక్కడ దాచడంలో తప్పులేదు.

రెండు చార్టులనూ పోల్చి చూడాలంటే అంకెల లేబుళ్లు తీసేసి, విషయం తెలియని ఒకరిద్దరికి చూపించి, ఒకే మూడు ప్రశ్నలు అడగడం మంచి పద్ధతి. వెయ్యి దాటిన రాష్ట్రమేది? దేశ సగటు కంటే కింద ఉన్నదేది? ఆంధ్రప్రదేశ్ దేశ సగటు కంటే సుమారు ఎన్ని శాతం ఎక్కువ? మొదటి రెండు ప్రశ్నలకు సమాధానం చెప్పడానికి ఎంతసేపు పట్టిందో చూడాలి. మూడోది అక్షం నిజాయితీకి పరీక్ష. సరైన జవాబు ఐదు శాతం పైన కొంచెం. మొదటి చార్టులో ఆంధ్రప్రదేశ్ పట్టీ దేశ సగటు పట్టీకి రెట్టింపు కంటే ఎక్కువ (5.58, 2.58 సెంటీమీటర్లు) కాబట్టి పట్టీలను నమ్మినవారు వంద శాతం పైనే అనాలి.

చుక్కల చార్టుకూ లోపం లేకపోలేదు. పత్రికల్లో పట్టీలకే అలవాటుపడినవారు చుక్కలను చూసి క్షణం తడబడతారు. ఎంత శాతం ఎక్కువ అన్న మూడో ప్రశ్నకు అది నేరుగా జవాబివ్వదు, 50 యూనిట్లు ఎక్కువ అని చూసి లెక్క కట్టుకోవాలి. తప్పుడు జవాబు మాత్రం చేతిలో పెట్టదు.

పట్టీలే కావాలంటే మధ్యేమార్గం ఒకటుంది. 1000ను మొదలుగా పెట్టి, దానికి ఎంత ఎక్కువో ఎంత తక్కువో కుడి ఎడమలకు పట్టీలు గీయడం: కేరళ కుడివైపు 84, దేశ సగటు ఎడమవైపు 57, మహారాష్ట్ర ఎడమవైపు 71. ఇక్కడ పట్టీ పొడవు నిజంగానే ఒక విలువ, సమానత్వం నుంచి దూరం. కాబట్టి ఇది నిజాయితీ గలదే. కానీ తమిళనాడు 4, ఆంధ్రప్రదేశ్ 7 అయి ఒకటి మరొకదానికి దాదాపు రెట్టింపుగా కనబడుతుంది. ఆ మూడు యూనిట్ల తేడాకు అంత బరువు లేదని పైన చూశాం.

వెయ్యి గీత అన్నిచోట్లా పనికిరాదు

ఇదే చార్టు నమూనాను ఆరేళ్ల లోపు పిల్లల నిష్పత్తికి వాడుకోవాలని చూస్తే 1000 గీత ఇబ్బంది పెడుతుంది. పుట్టుకలో ఎవరి జోక్యమూ లేకుండానే అబ్బాయిలు కొంచెం ఎక్కువ, ప్రతి వంద మంది అమ్మాయిలకు సుమారు 105 మంది. మన లెక్కలో చెప్పాలంటే వెయ్యి మంది అబ్బాయిలకు దాదాపు 950 మంది అమ్మాయిలు. 2011లో కేరళ పిల్లల నిష్పత్తి 964. దాన్ని 1000 గీత ఉన్న చార్టు మీద పెడితే, మొత్తం జనాభాలో 1084తో గీతకు అంత ఆవల ఉన్న కేరళ పిల్లల దగ్గరకొచ్చేసరికి బాగా వెనకబడినట్టు కనబడుతుంది. 950 గీత పెడితే సహజ స్థాయి దగ్గరే ఉందని తెలుస్తుంది. మొత్తం జనాభాలో 1084 రావడానికి స్త్రీల ఆయుష్షు ఎక్కువ కావడం, మగవాళ్లు గల్ఫ్ దేశాలకూ ఇతర రాష్ట్రాలకూ పనికి వెళ్లడం కూడా కారణాలే. ఆ కారణాలేవీ ఆరేళ్ల లోపు పిల్లలకు వర్తించవు.

ఇంకో సంగతి, విదేశీ నివేదికలు చదివేవారికి. మన దేశంలో వెయ్యి మంది పురుషులకు స్త్రీలెందరో లెక్కిస్తే, ప్రపంచంలో చాలాచోట్ల వంద మంది స్త్రీలకు పురుషులెందరో లెక్కిస్తారు. ఆ లెక్కలో కేరళ 92, మహారాష్ట్ర దాదాపు 108. పైనున్నది కిందకూ, కిందున్నది పైకీ వస్తుంది. కాబట్టి శీర్షికలో 'లింగ నిష్పత్తి' అని ఊరుకోకుండా 'వెయ్యి మంది పురుషులకు స్త్రీల సంఖ్య' అని అక్షం పక్కనే పూర్తిగా రాయాలి.